ముక్కుతో కొలిచిన వెనిగర్

పొద్దున్న ఆరున్నరకి మా వంటగది కిటికీలోంచి వచ్చే వెలుగుకి ఇంకా ఏ రంగూ ఉండదు. అది వచ్చి నా గిన్నె మీది ఆవిరిలో పడి కాసేపు అక్కడే నిలబడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఆవిరి వెనకాల నిలబడి గుడ్లు వండుతున్నాను. అటు పక్క పొయ్యిల మీద వేపుళ్ళ గోల, ఇటు కాఫీ మిషను ఈలలు, తలుపు అవతల హాల్లో చెంచాల చప్పుడు. నా పొయ్యి దగ్గర మాత్రం నిశ్శబ్దం. నా నీళ్ళు మరగకూడదు మరి. గిన్నె అడుగున ఆవగింజలంత బుడగలు పట్టాలి, ఒకటీ అరా పైకి రావాలి, నీటి మీద చిన్న వణుకు కనిపించాలి. అంతకు మించితే గుడ్డు చిరిగిపోతుంది.

మాది అరవై గదుల హోటలు. అట్లు, ఉడకబెట్టినవి, వేయించినవి, అన్ని రకాల గుడ్లూ నా చేతి మీదుగానే వెళ్ళేవి. వాటిని ఎవరైనా చేస్తారు. నాకు పేరు తెచ్చింది మాత్రం పోచ్డ్ ఎగ్. పెంకు కొట్టి, గుడ్డుని నేరుగా వేడినీళ్ళలోకి జారవిడిచి, మూడు నిమిషాల్లో పైకి తీయాలి. తెల్లసొన గుండ్రంగా, దిండులా ముడుచుకోవాలి. లోపల పచ్చసొన కత్తి తగలగానే కారాలి. మా ఆడపడుచు దానికి నీళ్ళగుడ్డు అని పేరు పెట్టింది. వంటగది మొత్తానికి అదే అలవాటైపోయింది.

మా ఆడపడుచు కూడా ఇక్కడే పని చేస్తుంది. నా పొయ్యికి పది అడుగుల దూరంలో, సింకు దగ్గర, అంట్లు తోముతుంది. నేను పెళ్ళై వచ్చేనాటికి అది రెండు జడల పిల్ల. ఇప్పుడు నలభై దాటాయి. నోరు మాత్రం ఆ రెండు జడల నాటిదే. నా గిన్నెలు, నా గరిటెలు, నా వెనిగర్ సీసా అన్నీ సాయంత్రం కడిగి, సీసా నింపి, మర్నాటికి వరసగా పెట్టడం దాని పని. పెడుతూ ఒక మాట అనకుండా ఉండదు.

"నీ గిన్నె కడుగుతుంటే నాకు తుమ్ములొస్తున్నాయి వదినా. గుడ్లు వండుతున్నావా, ఆవకాయ పెడుతున్నావా?"

వెనిగర్ సంగతి చెప్పాలి. నాకు పని నేర్పిన పెద్దావిడ దాన్ని చెంచాతో కొలవనిచ్చేది కాదు. "చెంచాకేం తెలుసే? గిన్నె మీద తల వంచు, కొంచెం కొంచెంగా పొయ్. ఆవిరి ముక్కులో చురుక్కుమనగానే చెయ్యి ఆపెయ్" అనేది. ఆ తర్వాత గరిటె కాడతో నీళ్ళని గుండ్రంగా తిప్పడం. మధ్యలో సుడి లేస్తుంది. దాని గుంటలోకి గుడ్డుని జార్చాలి. తెల్లసొన తిరుగుతూ తిరుగుతూ పచ్చసొనని చుట్టుకుంటుంది. ముక్కు, మణికట్టు. నా విద్యంతా ఈ రెండే అనుకుని ఇన్నేళ్ళు బతికాను. ఎవరైనా చూడ్డానికి వస్తే సుడి ఇంకాస్త గట్టిగా తిప్పి చూపించేదాన్ని కూడా. అంత గర్వం ఉండేది నాకు.

పోయిన వానాకాలం జ్వరం వచ్చింది. పది రోజులు మంచం మీద ఉన్నాను. జ్వరం పోతూ పోతూ నా ముక్కుని తీసుకుపోయింది.

మొదట జలుబు అనుకున్నాను. జలుబూ పోయింది, వాసన రాలేదు. సబ్బు వాసన లేదు, కాఫీ వాసన లేదు, తడిసిన బట్టల వాసన లేదు. లోకం అంతా అద్దం అవతలికి జరిగినట్టు ఉండేది. మనుషులు కనిపిస్తారు, మాట్లాడతారు, కానీ ఎవరూ దగ్గర లేరనిపిస్తుంది. పొద్దున్నే వంటగదిలోకి అడుగుపెడితే కలలో నడుస్తున్నట్టే ఉండేది. బాణలిలో వెన్న నురగ కడుతుంది, రొట్టె ఎర్రబడుతుంది, ఆవిరి లేస్తుంది. అన్నీ ఉన్నాయి, ఏదీ నా దాకా రావట్లేదు. ఒక్కోసారి ఆ నిశ్శబ్దం హాయిగా కూడా అనిపించేది. నిజం చెప్తున్నాను. హాయిగా ఉన్నందుకే భయం వేసేది.

ఎవరికీ చెప్పలేదు. వంట చేసే మనిషి ముక్కు పోయిందని ఎలా చెప్తుంది? మా ఆయనకీ చెప్పలేదు. ఆడపడుచుకి చెప్పడమన్న మాటే లేదు, అది సింకు దగ్గర పాట కట్టి పాడేస్తుంది.

జబ్బు నయమై వచ్చిన రోజు ఎప్పటిలాగే గిన్నె మీద తల వంచి వెనిగర్ పోశాను. చురుక్కుమనలేదు. ఇంకాస్త పోశాను. లేదు. ముక్కులో ఏదో కదిలినట్టు ఊహించుకుని ఆపాను. ఆ ఊహ వచ్చేసరికి సీసాలో పావు వంతు అయిపోయింది.

గుడ్లు బాగా ముడుచుకున్నాయి. మరీ బాగా. తెల్లసొన నున్నగా మెరవాల్సింది పోయి సున్నం రాసినట్టు తయారైంది. వేలితో నొక్కితే రబ్బరులా ఉంది. రుచి చూశాను. నాలుక మీద పులుపు కాస్త తెలిసింది, కానీ వాసన లేని నోటికి అన్నీ సగం రుచే, దాన్ని నమ్మడానికి లేదు. అలాగే పంపించాను.

కిటికీ పక్క బల్ల దగ్గర రోజూ ఒక రిటైరైన టీచరమ్మ కూర్చుంటుంది. పై అంతస్తులో ఏళ్ళ తరబడి గది తీసుకుని ఉంటోంది. రెండు నీళ్ళగుడ్లు, ఒక రొట్టె ముక్క, ఏళ్ళుగా అదే. ఆవిడ పళ్ళెం ఎప్పుడూ కడిగినట్టు తిరిగొచ్చేది. ఆ వారం తెల్లసొన అంతా అంచున పేర్చి, పచ్చసొన మాత్రం తిని పంపించింది. ఫిర్యాదు చేయలేదు. చేసుంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అని తేలికపడేదాన్ని. ఆ తెల్లటి ముక్కలు చూసి నోరు మూసుకోవాల్సి వచ్చింది.

తర్వాత వేరే బల్లల నుంచి కూడా మొదలైంది. ఒకాయన వెయిటర్‌ని పిలిచి, "గుడ్డుని ఊరగాయ పెట్టారా?" అని అడిగాడట.

మా పెద్ద వంటాయన నాకంటే పదేళ్ళు చిన్నవాడు. జేబులో పెన్ను ఉండాల్సిన చోట థర్మామీటరు పెట్టుకుని తిరుగుతాడు, అందుకని అందరం అతన్ని చాటున థర్మామీటరు అనే అంటాం. చదువుకుని వచ్చినవాడు. నా గిన్నెలో అది ముంచి, ఎనభై మూడు డిగ్రీలు వచ్చాక తలూపేవాడు. నేను కంటితో చూసి అదే వేడి దగ్గర పొయ్యి తగ్గిస్తానని తెలిసినా ముంచడం మానడు. చెడ్డవాడు కాదు. కొలతలంటే పిచ్చి, అంతే.

ఒక రోజు నన్ను పక్కకి పిలిచాడు.

"అక్కా, లీటరు నీళ్ళకి ఒక చెంచా వెనిగర్. అంతకంటే వద్దని చెప్పాను కదా."

"చెంచాతో వేసేదాన్ని అయితే నేనెందుకు? చెంచానే పెట్టుకోండి" అన్నాను. నాకు ముక్కు మీద కోపం ఎప్పటి నుంచో ఉంది. ముక్కు పోయినా అది పోలేదు.

అతను నవ్వలేదు. "రెండు వారాల్లో ఆదివారం పొద్దున నలభై మందికి టిఫిన్లు. పాటల బృందం ఒకటి దిగుతోంది. అందరికీ రొట్టె మీద ఒక నీళ్ళగుడ్డు కావాలన్నారు. అవి కూడా ఇలాగే తిరిగొస్తే నా చేతిలో ఏమీ ఉండదు. సోమవారం నుంచి మీరు కింద కూరగాయల గదికి వెళ్ళాల్సి ఉంటుంది. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ను అనకండి."

కూరగాయల గది నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. రోజంతా బంగాళాదుంపలు చెక్కాలి. పని తక్కువదని కాదు. కానీ నా వెలుగు, నా ఆవిరి, ఆ పొద్దుటి వణుకు నీళ్ళు, అవి పోతే నాకు ఇంకేం మిగులుతుంది? అప్పటికే సగం లోకం పోగొట్టుకుని ఉన్నాను. ఆ మిగిలిన సగం ఆ పొయ్యి దగ్గరే ఉంది.

అప్పుడే, ఆ మాట జరిగిన మర్నాడో మూడోనాడో, గుడ్లు మళ్ళీ బాగుపడ్డాయి. నేను మార్చింది ఏమీ లేదు. అదే సీసా, అదే పోయడం, ఎంతకీ రాని చురుకు కోసం అదే ఎదురుచూపు. అయినా తెల్లసొన మెరుస్తోంది. టీచరమ్మ పళ్ళెం ఖాళీగా వచ్చింది. నా చెయ్యి నాకు తిరిగొచ్చిందనుకున్నాను. ముక్కు లేకపోయినా చేతికి గుర్తుందిలే అని లోపల లోపల మురిసిపోయాను కూడా.

అయితే ఒక చిక్కు వచ్చింది. కొన్ని రోజులు గుడ్లు చక్కగా వచ్చేవి. కొన్ని రోజులు తెల్లసొన పోగులు పోగులుగా విడిపోయి గిన్నెంతా తేలేది, చిరిగిన గుడ్డపేలికల్లాగా. ఆ రోజుల్లో ఇంకా కాస్త వెనిగర్ పోసేదాన్ని. ఏమీ తేడా రాలేదు. ఇంకా గట్టిగా సుడి తిప్పేదాన్ని. కొంచెం చుట్టుకునేది, కానీ మరీ గట్టిగా తిప్పితే పోగులు ఇంకా తెగేవి. కత్తెరతో అంచులు కత్తిరించి పంపేదాన్ని.

ఒక మంగళవారం పొద్దున కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. అవతల గోడ మీద పిల్లి ఒకటి కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. దాని మీసాల మీద ఎండ పడుతోంది. దానికి ఈ వంటగది ఎలా వాసనొస్తుందో అనుకుంటూ, సుడి తిప్పడం మర్చిపోయి, గుడ్డు జార్చేశాను. తెలిసేసరికి గుడ్డు నీళ్ళలో ఉంది. అయ్యో అనుకున్నాను. కానీ అది కదలకుండా, ఎవరో చేతుల్లో పట్టుకున్నట్టు, తనంతట తనే గుండ్రంగా కూర్చుంది. ఒక్క పోగు కూడా లేచి రాలేదు.

మంగళవారం మాకు గుడ్ల వ్యాను వస్తుంది.

ఆ మాట తట్టగానే గిన్నె ముందు అలా నిలబడిపోయాను. మంగళ, బుధవారాలు గుడ్లు బాగుంటున్నాయి. శని, ఆదివారాలకి పోగులు లేస్తున్నాయి. నా చెయ్యీ కాదు, నా సుడీ కాదు. గుడ్డు వయసు.

మర్నాడు రెండు గుడ్లు తీసుకున్నాను. ఒకటి కొత్తది, ఒకటి పోయిన వారం మిగిలింది. రెండు సాసర్లలో కొట్టి పక్కపక్కన పెట్టాను. కొత్తదానిలో తెల్లసొన పచ్చసొన చుట్టూ ఎత్తుగా, చిక్కగా నిలబడింది, అంచున మాత్రం కాస్త పలచగా నీళ్ళలా ఉంది. పాతదానిలో చాలా భాగం ఆ నీళ్ళే, సాసరంతా పరుచుకుపోయింది. ఆ పలచటిదే పోగులై తేలుతోంది. అది మిగతా గుడ్డుతో పాటు ముడుచుకోదు. దాన్ని ముందే తీసేస్తే?

టీ వడగట్టే జాలి తెచ్చి, అందులోకి గుడ్డు కొట్టి, మెల్లగా ఊపాను. పలచటిది కిందికి కారిపోయింది, చిక్కటిది జాలిలో మిగిలింది. దాన్ని నీళ్ళ మీదకి దించి జారవిడిచాను. పాత గుడ్డే, అయినా అద్దంలా వచ్చింది. కొంచెం చిన్నది, అంతే.

ఎవరికీ చెప్పకుండా మళ్ళీ మళ్ళీ చేశాను. సుడి తిప్పి ఒకటి, తిప్పకుండా ఒకటి. వడగట్టిన గుడ్డుకి సుడితో పనే లేదు. ఇరవై రెండేళ్ళ సుడి! నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పైగా సుడిలో ఒకసారికి ఒక్క గుడ్డే. రెండోది వేస్తే మొదటిదాన్ని గుద్ది చెడగొడుతుంది. నలభై గుడ్లు సుడిలో వేస్తే ఆ పాటగాళ్ళు మధ్యాహ్నం దాకా ఆకలి పాటలు పాడుకోవాలి.

థర్మామీటరు దగ్గరికి వెళ్ళి, "శనివారం సాయంత్రం కొత్త గుడ్లు కావాలి. మంగళవారంవి వద్దు" అన్నాను.

"ఎందుకు?"

"ఆదివారం చూస్తారుగా."

అతను నా మొహం ఒకసారి చూశాడు. గుడ్లు తెప్పించాడు.

ఆదివారం ఐదింటికే వచ్చాను. వెడల్పాటి లోతు తక్కువ గిన్నె పొయ్యి మీద పెట్టాను. పాటల బృందం అప్పటికే హాల్లో గొంతులు సవరించుకుంటోంది. మాటలు లేని రాగం ఒకటి తలుపు కింద నుంచి లోపలికి పాకి వచ్చింది. పొగమంచులో ఎవరో దూరం నుంచి పిలుస్తున్నట్టు ఉంది. నీళ్ళు వణకడం మొదలుపెట్టాయి. అలవాటు కొద్దీ సీసా తీసి వెనిగర్ పోశాను, అలవాటు కొద్దీ తల వంచాను. ఏమీ లేదు. సరే అనుకున్నాను.

ఒక్కో గుడ్డు జాలిలోకి, జాలిలోంచి చిన్న కప్పులోకి, కప్పులోంచి నీళ్ళలోకి. గిన్నె అంచు వెంట ఒక్కోసారికి ఎనిమిది. తిప్పలేదు, కదపలేదు. థర్మామీటరు ఒకసారి వచ్చి జాలి వైపు వింతగా చూసి వెళ్ళాడు. మొదట వేసినదాన్ని మొదట తీస్తూ, మూడు నిమిషాలకి చిల్లుల గరిటెతో ఎత్తి చన్నీళ్ళ గిన్నెలో వేశాను, ఇంక ఉడకకుండా. ఐదు వాయిలు. నలభై గుడ్లూ చన్నీళ్ళ అడుగున నిద్రపోతున్నట్టు పడుకున్నాయి. వడ్డించే వేళకి ఒక్క నిమిషం వేడినీళ్ళలో వేసి తీస్తే చాలు. నా మొత్తం బతుకులో అంత అందమైన గుడ్లు వండలేదు. ఒక్కదానికి కూడా కత్తెర తగల్లేదు.

పళ్ళేలు వెళ్ళాయి. అరగంటకి తిరిగొచ్చాయి. ఆడపడుచు ఒక్కొక్కటీ ఎత్తి నాకు చూపించి సింకులో వేస్తోంది. అన్నీ ఖాళీ. నలభయ్యో పళ్ళెం కూడా ఖాళీ. హాల్లో పాట మొదలైంది. నా కళ్ళు మసకబారాయి, ఆవిరి అనుకుంటారని తుడుచుకోలేదు.

థర్మామీటరు నవ్వుతూ వచ్చాడు. "చూశారా అక్కా, వెనిగర్ కొలిచి వేస్తే ఎలా ఉందో. ఈమధ్య మీ గిన్నె దగ్గర ఘాటే లేదు. చెంచా మాట విన్నారు కదా?" అంటూ నా సీసా అందుకున్నాడు. మధ్యాహ్నం సలాడ్ మీదకి పులుసు కలుపుతున్నాడట, అతని వెనిగర్ డబ్బా అయిపోయిందట. గిన్నెలోకి వంచి, వేలు ముంచి నాకాడు. ఆగాడు. సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇవి నీళ్ళు" అన్నాడు.

సింకు దగ్గర కుళాయి చప్పుడు ఆగిపోయింది.

"మంచినీళ్ళు అక్కా. వెనిగర్ చుక్క కూడా లేదు. ఎన్నాళ్ళ నుంచి నీళ్ళు పోస్తున్నారు?"

అబద్ధం నా నాలుక చివరే ఉంది. కావాలనే మానేశాను, కొత్త పద్ధతి, వెనిగర్ అక్కర్లేదని తెలుసుకున్నాను. ఆ ఒక్క మాట అంటే చాలు, నా పొయ్యి నాకుండేది. అతను నమ్మేవాడు కూడా. కానీ నేను సీసా వైపు చూస్తూ ఉండిపోయాను. రెండు వారాలు. రోజూ దాని మీద తల వంచాను. రోజూ చురుకు కోసం ఎదురుచూశాను. నీళ్ళ కోసం ఎదురుచూశాను. ఆ సంగతి తలుచుకుంటే నాకే నా మీద జాలేసింది.

"నాకు తెలీదు" అన్నాను. "నాకు వాసన రాదు. జ్వరం వచ్చినప్పటి నుంచి ఏ వాసనా రాదు."

తలుపు అవతల పాట సాగుతూనే ఉంది.

సింకు దగ్గర నుంచి ఆడపడుచు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సీసాలో నీళ్ళు నింపింది నేను సార్. ముందు సగం సగం కలిపాను. తర్వాత మొత్తం నీళ్ళే పోశాను. ఆవిడకి తెలీదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నా సీసాలో నీళ్ళు పోశావా? నాతో ఒక్క మాట చెప్పకుండా?"

"గిన్నెలు కడిగేదాన్ని నేను వదినా. నాకు తెలీకుండా పోతుందా? ఇంట్లో పాలు మాడి కంపు కొడుతుంటే నువ్వు పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతున్నావు. ఆ రోజే తెలిసింది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదు?" అంది. "చెప్తావేమోనని రోజూ నీ మొహం చూశాను. నన్ను తిట్టడానికైనా నోరు తెరుస్తావు కదా, దీనికెందుకు తెరవలేదు వదినా?"

నేను చన్నీళ్ళ గిన్నె ఎత్తి సింకులో వంపేశాను.

థర్మామీటరు సీసా బల్ల మీద పెట్టాడు. అతని మొహంలో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "ముక్కు లేకుండా గ్యాసు పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండకూడదక్కా. గ్యాసు కారితే? కుళ్ళిన గుడ్డు ఒకటి వస్తే? అది జాలిలో చూస్తే తెలిసేది కాదు."

నిజమే. ఏప్రన్ ముడి విప్పడానికి చెయ్యి వెనక్కి పెట్టాను. తడి ముడి, తొందరగా రాలేదు. కూరగాయల గది మెట్లు కళ్ళ ముందు కనిపించాయి, పదకొండు మెట్లు.

"ఆగండి" అన్నాడతను. "నాకొక సంగతి తేల్చండి ముందు."

రెండు చిన్న గిన్నెలు పెట్టించాడు. ఒకదానిలో తన కొలత ప్రకారం చెంచాడు వెనిగర్, స్టోరు నుంచి తెప్పించి మరీ వేశాడు. ఇంకోదానిలో ఉత్త నీళ్ళు. రెండింటిలోనూ థర్మామీటరు ముంచి చూశాడు. కొత్త గుడ్లు నా చేత వడగట్టించి, ఒక్కో గిన్నెలో ఒక్కోటి వేయమన్నాడు. తీసి పక్కపక్కన పెడితే ఏది ఏదో అతనికే తెలియలేదు. తర్వాత మంగళవారం నాటి గుడ్లు, వడగట్టకుండా. ఉత్త నీళ్ళలో పోగులు లేచాయి. వెనిగర్ నీళ్ళలో తక్కువ లేచాయి, అంచు త్వరగా గట్టిపడింది. లేవకుండా మాత్రం లేదు.

"అంటే పాత గుడ్డుకి కాస్త సాయం. కొత్తదానికి ఏమీ లేదు" అన్నాడు మెల్లగా. పదేళ్ళుగా చెంచా చెంచా అని అరిచిన మనిషి. అతని మొహం చూస్తే నా మొహమే చూసుకున్నట్టుంది.

"సుడి కూడా అంతే" అన్నాను. నాది నేను దాచుకోవడం ఎందుకని.

అతను ఆడపడుచు వైపు తిరిగాడు. "రేపటి నుంచి సింకు ఇంకొకరు చూస్తారు. నువ్వు గుడ్లు కొట్టి, వాసన చూసి, ఆవిడకి అందించు. పొయ్యి వెలిగించేది, ఆర్పేది నువ్వే. వండేది ఆవిడ." పోతూ పోతూ నా జాలి అరువడిగి తీసుకెళ్ళాడు.

సోమవారం పొద్దున ఆరున్నరకి వెలుగు వచ్చి ఆవిరిలో నిలబడింది. పక్కన మా ఆడపడుచు, కొత్త ఏప్రన్‌లో, పెళ్ళికూతురిలా బిగుసుకుని నిలబడింది. నేను నీళ్ళు చూస్తున్నాను. వణుకు వచ్చింది. గరిటె కాడతో ఒక్కసారి సుడి తిప్పాను. గుడ్డుకి అవసరం లేదని తెలుసు, నాకే చూడాలనిపించింది. సుడి తిరిగి తిరిగి అణిగిపోయింది. నీళ్ళు మళ్ళీ నిమ్మళించాయి.

ఆడపడుచు మొదటి గుడ్డు కప్పులోకి కొట్టి ముక్కు దగ్గర పెట్టుకుంది. టీచరమ్మ గుడ్డు అది. చాలాసేపు వాసన చూసింది, పరీక్ష రాస్తున్నదానిలాగా.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుంది."

"అలా కాదే. ఏం వాసనొస్తోందో చెప్పు. నాకు తెలియాలి."

మళ్ళీ వాసన చూసింది. ఏదో ఒక వేళాకోళం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. కప్పు నా చేతిలో పెట్టి, నా వేళ్ళని ఒక్క క్షణం పట్టుకుని అంది.

"ఏమీ రావట్లేదు వదినా. మంచి గుడ్డుకి వాసనుండదు. నీకెలా ఉందో నాకూ అలాగే ఉంది."

నేను తల వంచాను. కప్పులో ఏ వాసనా లేదు. గుడ్డుని జాలిలోకి వంపి, పలచటిది కారనిచ్చి, నీళ్ళలోకి మెల్లగా విడిచాను.